దిక్కుల ప్రశ్నల్లో బొమ్మ ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న: డిగ్రీ పూర్తయింది సర్. ఆర్‌ఆర్‌బీ ఎన్‌టీపీసీకి చదువుతున్నాను. రీజనింగ్‌లో దిక్కులు, దూరాల ప్రశ్నలకు బొమ్మ గీసుకుంటున్నా సగానికి సగం తప్పులే వస్తున్నాయి. మనసులోనే చేయడం అలవాటు చేసుకోవాలా? ఎలా సాధన చేయాలి?

జవాబు: బొమ్మ మానకండి. గీసే పద్ధతిని సరిచేసుకుంటే చాలు. ఒక లెక్క తీసుకుని చూద్దాం.

రవి ఇంటి నుంచి దక్షిణానికి 15 మీటర్లు నడిచాడు. ఎడమకు తిరిగి 20 మీటర్లు, మళ్లీ ఎడమకు తిరిగి 25 మీటర్లు, ఆ తర్వాత కుడికి తిరిగి 4 మీటర్లు నడిచాడు. ఇప్పుడు ఇంటికి ఎంత దూరంలో, ఏ దిక్కున ఉన్నాడు?

ఎక్కువమంది తప్పు చేసేది మొదటి మలుపులోనే. రవి కిందికి, అంటే దక్షిణానికి, నడుస్తున్నాడు. అతని ఎడమ చేయి తూర్పు వైపు ఉంటుంది. కానీ కాగితం ముందు కూర్చున్న మనకు ఎడమ అంటే పడమర. అలవాటుగా గీత అటు లాగేస్తాం. ఉత్తరానికి నడిచేటప్పుడు మాత్రమే మన ఎడమ, అతని ఎడమ ఒకటవుతాయి. అందుకే ఉత్తరంతో మొదలయ్యే లెక్కలు సులువుగా వస్తాయి, దక్షిణంతో మొదలయ్యేవి దెబ్బతీస్తాయి. మీరు తప్పు చేసిన ప్రశ్నలను ఒకసారి వెనక్కి చూసుకోండి, నడిచేవాడు దక్షిణానికి ముఖం పెట్టిన చోట ఏం గీశారో గమనించండి.

దీనికి కాగితం తిప్పక్కర్లేదు. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే వరుస గుర్తుంచుకోండి: తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం, మళ్లీ తూర్పు. కుడికి తిరిగితే ఈ వరుసలో ఒక అడుగు ముందుకు, ఎడమకు తిరిగితే ఒక అడుగు వెనక్కి. దక్షిణం నుంచి ఒక అడుగు వెనక్కి వెళితే తూర్పు. తూర్పు నుంచి వెనక్కి ఉత్తరం. ఉత్తరం నుంచి ముందుకు తూర్పు. గీత లాగే ముందే ప్రతి మలుపు పక్కన ఆ దిక్కు మొదటి అక్షరం రాయండి. ఒక ప్రశ్నలో ‘ఎడమకు తిరిగి’ అని, ఇంకో చోట ‘తూర్పుకు తిరిగి’ అని కలిపి ఇస్తుంటారు. రెండోది నడిచేవాడి ముఖంతో పని లేకుండా నేరుగా తూర్పే.

ఇప్పుడు రవి దారి: దక్షిణం 15, తూర్పు 20, ఉత్తరం 25, తూర్పు 4. ఇక్కడ గీతల పొడవు కూడా ముఖ్యం. కొలత సరిగ్గా ఉండక్కర్లేదు గానీ, 25 గీత 15 గీత కన్నా పొడవుగా కనబడాలి. పొట్టిగా గీస్తే రవి ఇంటికి దక్షిణంగా ఆగినట్టు కనిపిస్తుంది, దిక్కు తప్పవుతుంది. ఆ ప్రమాదం లేకుండా ఎదురెదురు దిక్కులను తీసివేసి సరిచూసుకోండి. ఉత్తరం 25లోంచి దక్షిణం 15 పోతే ఉత్తరం 10. తూర్పు 20, 4 కలిస్తే 24. అంటే రవి ఇంటికి 10 మీటర్లు పైన, 24 మీటర్లు కుడిగా ఉన్నాడు. ఇంటి నుంచి అతని వరకు చుక్కల గీత గీస్తే లంబకోణ త్రిభుజంలో అదే కర్ణం. 100, 576 కలిపితే 676, దాని వర్గమూలం 26. జవాబు 26 మీటర్లు, ఈశాన్యం.

5, 12, 13 నోటికి వస్తే వర్గాలు కట్టే పని కూడా లేదు. 10, 24 వాటికి రెట్టింపులే కదా. 3-4-5, 8-15-17, 7-24-25 కూడా నేర్చుకోండి. మొదటి మలుపులో పడమరకు వెళ్లి ఉంటే దక్షిణం 40, పడమర 24 వచ్చేవి. వాటి వర్గాల మొత్తం 2176, దానికి పూర్ణ వర్గమూలం లేదు. అలా వస్తే మలుపులు మళ్లీ చూసుకోండి. అయితే ఆప్షన్లలోనే 5√2 లాంటివి ఉంటే ఈ పరీక్ష పనిచేయదు.

ఆప్షన్లలో 64 కూడా ఉండొచ్చు. అది రవి నడిచిన మొత్తం దూరం. అడిగింది ఇంటికి అతి తక్కువ దూరమైతే 64 పెట్టకూడదు. ఎన్‌టీపీసీలో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత కూడా ఉంది. అలాగే ‘రవి ఇంటికి ఏ దిక్కున ఉన్నాడు’ అంటే ఈశాన్యం, ‘రవికి ఇల్లు ఏ దిక్కున ఉంది’ అంటే నైరుతి. ఎవరి దగ్గర నిలబడి చూడమంటున్నారో ఆ బిందువు చుట్టూ చిన్న సున్నా చుట్టి, బాణం అక్కడి నుంచే గీయండి.

45, 135 డిగ్రీల మలుపులు వస్తే పై వరుసలో మూలలనూ చేర్చి ఎనిమిది దిక్కులు చేసుకోండి. ఒక్కో అడుగు 45 డిగ్రీలు. ఉత్తరం నుంచి కుడికి 135 డిగ్రీలంటే మూడడుగులు: ఈశాన్యం, తూర్పు, ఆగ్నేయం. ఇవి మాత్రం నాలుగు దిక్కుల లెక్కల్లో మలుపు తప్పడం ఆగిన తర్వాతే మొదలుపెట్టండి.