పచ్చ చీమిడి కాదు, రోజులు చూడండి: సైనస్‌కు యాంటీబయోటిక్ ఎప్పుడు?

ప్రశ్న: "జలుబు మొదలై ఆరు రోజులైంది. మూడు రోజుల నుంచి చీమిడి ఆకుపచ్చగా వస్తోంది. నుదురు, బుగ్గలు బరువుగా ఉన్నాయి. జ్వరం లేదు. మెడికల్ షాపులో సైనస్ ఇన్‌ఫెక్షన్ అని చెప్పి అజిత్రోమైసిన్ మూడు రోజులకు ఇచ్చారు. వేసుకోనా, ఆగనా? మాది కావలి."

ఆగండి. నేను ఒంగోలులో మందుల షాపులో పనిచేసే ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. కార్తీకం వానలు మొదలైతే మా కౌంటరు దగ్గర రోజూ వినిపించే ప్రశ్న ఇదే. మీకు ఇచ్చిన మందు అసలు చీటీ లేకుండా అమ్మకూడనిది, ఆ సంగతి అలా ఉంచుదాం.

మా ఇంట్లోవాళ్ళ విషయమే చెబుతాను. మా తోడల్లుడు చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. పోయిన వానల్లో ఒక ఆదివారం సాయంత్రం అతనికి గొంతులో గరగర, తుమ్ములు మొదలయ్యాయి. రెండు రోజులకి మా మరదలికీ అదే రొంప అంటుకుంది. మొదటి రెండు రోజులు ఇద్దరికీ ఒళ్ళు కాస్త వెచ్చబడింది, తగ్గింది. నాలుగో రోజుకి ఇద్దరికీ చీమిడి చిక్కబడి ఆకుపచ్చగా మారింది, తల బరువు. "అన్నయ్యా, పచ్చగా వస్తోంది, ఏదైనా యాంటీబయోటిక్ పంపించు" అని ఫోన్ చేశాడు. నేను పారాసిటమాల్ మాత్రమే పంపించాను.

రంగును నమ్మకపోవడానికి కారణం ఉంది. వైరస్ వచ్చినా బాక్టీరియా వచ్చినా మన తెల్ల రక్తకణాలు ముక్కులోకి చేరతాయి. ఆ కణాల్లో ఉండే ఒక ఎంజైమే ఆకుపచ్చ రంగులో ఉంటుంది. కాబట్టి మామూలు జలుబులో కూడా మూడు నాలుగు రోజులకి చీమిడి పసుపుగానో ఆకుపచ్చగానో మారుతుంది, తర్వాత మళ్ళీ పల్చబడుతుంది. బుగ్గల బరువు కూడా అంతే. జలుబు చేసినప్పుడు సైనస్‌ల లోపలి పొర కూడా వాస్తుంది. అందుకే మొదటి వారంలో ఎక్స్‌రే తీయించినా, సీటీ తీయించినా "సైనస్ నిండి ఉంది" అనే వస్తుంది గానీ, అది వైరస్సా బాక్టీరియానా అన్నది ఫిల్ములో తెలియదు.

తేడా తెలిసేది రోజులను బట్టి. వైరస్ జలుబు సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల మధ్య ముదిరి, ఆ తర్వాత దిగుతుంది. వారం, పది రోజులకి పూర్తిగా పోకపోయినా తగ్గుముఖం పట్టి ఉంటుంది. బాక్టీరియా కథ వేరు. వాపు వల్ల సైనస్ నుంచి ముక్కులోకి వచ్చే సన్నని దారి మూసుకుపోతుంది. తూము పూడిన చెరువులో నీళ్ళలా లోపలి ద్రవం కదలకుండా నిలిచిపోతుంది. మామూలుగా ముక్కులోనే ఉండే బాక్టీరియా అందులో పెరుగుతాయి. దానికి కొంత సమయం పడుతుంది కాబట్టే డాక్టర్లు పదో రోజును గీతగా పెట్టుకున్నారు. అలా ముదిరేవి కూడా కొద్దిమందికే: పెద్దవాళ్ళ జలుబుల్లో నూటికి రెండు దాటవని లెక్క.

అయితే ఆ గీత ఒక్కటే కాదు. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకుండా ఉండటం ఒకటి. మొదటి నుంచే 102 డిగ్రీల జ్వరంతో పాటు చిక్కటి చీమిడి, ముఖం నొప్పి కలిసి వరసగా మూడు నాలుగు రోజులు ఉండటం రెండోది. మూడోదాన్ని జనం పట్టించుకోరు. ఐదారు రోజులకి తగ్గుతున్నట్టు అనిపించి, ఉన్నట్టుండి మళ్ళీ ముదరడం. మా తోడల్లుడి విషయంలో జరిగింది ఇదే.

ఆరో రోజు తేలిగ్గా ఉందని డ్యూటీకి వెళ్ళాడు. ఎనిమిదో రోజు సాయంత్రానికి జ్వరం 102. కుడి బుగ్గ, దాని కింద పై పళ్ళు నొప్పి, వంగితే ఇంకా ఎక్కువ. తగ్గిన చీమిడి మళ్ళీ చిక్కబడింది. దుమ్ములో పనిచేయడం వల్లేమో అని వాళ్ళు అనుకున్నారు గానీ, దుమ్ముకి అంత జ్వరం రాదు. మర్నాడే ఒంగోలులో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఎక్స్‌రే అడగలేదు. ఏ రోజు ఎలా ఉందో వరసగా అడిగి, సన్నని గొట్టం కెమెరాతో చూసి, కుడి వైపు సైనస్ దారి దగ్గర చీము ఉందన్నారు. పై పళ్ళు తట్టి చూశారు, ఎందుకంటే ఒకవైపే వచ్చి వాసన వేసే సైనస్‌కి మూలం కొన్నిసార్లు పుచ్చిన పన్ను అవుతుంది. పెన్సిలిన్ పడదా అని అడిగి, అమోక్సిసిలిన్-క్లావులానిక్ ఆమ్లం ఏడు రోజులకు రాశారు. మూడు రోజుల్లో తేడా కనబడకపోతే మళ్ళీ రమ్మన్నారు. మూడో రోజుకి జ్వరం, నొప్పి దిగాయి.

అజిత్రోమైసిన్ ఎందుకు రాయలేదంటే, ఈ ఇన్‌ఫెక్షన్‌కు ముఖ్య కారణమైన న్యుమోకాకస్ చాలాచోట్ల దానికి లొంగడం మానేసింది. అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే సైనస్‌కు ముందుగా ఆ తరగతి మందులు వద్దని ఉంది. మూడు మాత్రలతో అయిపోతుందని జనానికి ఇష్టం, అంతే.

ఇక మా మరదలు. పదో రోజున ఆమెకి కూడా ముక్కు కారుతూనే ఉంది. "బావా, పది దాటింది, నాకు కూడా అదే రాయించు" అంది. కానీ ఆమెది రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది: తల బరువు పోయింది, జ్వరం మళ్ళీ రాలేదు, చీమిడి తెల్లగా పల్చబడింది. పదో రోజు చూడాల్సింది పూర్తిగా పోయిందా అని కాదు, తగ్గుతోందా లేదా అని. ఆమె ఒక్క యాంటీబయోటిక్ కూడా వేసుకోకుండానే కోలుకుంది.

మీ విషయానికొస్తే, రోజులను తల బరువు మొదలైన నాటి నుంచి కాక, తొలి తుమ్ము, గొంతు గరగర నాటి నుంచి లెక్కపెట్టండి. మీకు ఆరో రోజు, జ్వరం లేదు. నొప్పికి పారాసిటమాల్ చాలు. పావు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో అర టీ స్పూను ఉప్పు కలిపి ముక్కు కడుక్కుంటే చిక్కటిది వదులుతుంది. కుళాయి నీళ్ళు నేరుగా వాడకండి. ముక్కు తెరిపించే చుక్కల మందు మూడు రోజులకి మించితే ముక్కు మరింత బిగుసుకుంటుంది. మళ్ళీ జ్వరం వచ్చినా, పదో రోజుకి ఏమీ తగ్గకపోయినా డాక్టరుకి చూపించండి. అప్పుడు కూడా ఇబ్బంది తీవ్రంగా లేకపోతే ఆయన ఇంకొన్ని రోజులు చూద్దాం అనవచ్చు, ఎందుకంటే బాక్టీరియా సైనస్ కూడా చాలామందికి తనంతట తానే తగ్గుతుంది.

ఈ లెక్క వర్తించనిది కొందరికి. కంటి చుట్టూ వాపు, చూపు రెండుగా కనబడటం, భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకోవడం, మగత ఉంటే ఎన్నో రోజైనా సరే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. షుగరు అదుపులో లేనివాళ్ళకు ముక్కు నుంచి నల్లటి స్రావం వచ్చినా, ముఖం ఒకవైపు తిమ్మిరెక్కినా అది ఫంగస్ కావచ్చు. దానికి గంటలు కూడా ముఖ్యమే.