16 కేబీ చిప్‌లో ఖాళీ పార్టిషన్ లేకుండా ఫర్మ్‌వేర్ మార్చడం

ప్రశ్న: “గుణుపురం చుట్టుపక్కల ఊళ్లలో నీటి ట్యాంకుల దగ్గర STM32F030F4 చిప్‌తో లెవల్ బోర్డులు పెట్టాం. పంపు రిలే కూడా వాటి మీదే ఉంది. ఫ్లాష్ 16 కేబీయే, కొత్త ఫర్మ్‌వేర్ దాచుకోవడానికి రెండో పార్టిషన్‌కు చోటు లేదు. పంప్ హౌస్‌లోని ఈఎస్‌పీ32 నుంచి ఆర్‌ఎస్-485 తీగ మీదుగా అప్‌డేట్ చేస్తుండగా కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోతుందా? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.”

జవాబు:

పర్లాకిమిడిలో ఉంటూ గజపతి, రాయగడ జిల్లాల కొండ ఊళ్లలో ఇలాంటి బోర్డులనే చూసుకుంటున్నాను కాబట్టి, మేము పాటిస్తున్న పద్ధతినే వివరిస్తాను. పాత ప్రోగ్రామ్, కొత్త ప్రోగ్రామ్ రెండూ ఒకేసారి ఆ చిప్‌లో ఇమడవు గనుక, అప్‌డేట్ జరిగే కొద్ది సెకన్లపాటు బోర్డులో పూర్తి ప్రోగ్రామ్ ఏదీ ఉండదన్న మాటను ముందే ఒప్పుకోవాలి. ఆ తర్వాత మన శ్రద్ధ అంతా, ఆ స్థితిలో ఏ క్షణాన కరెంటు పోయినా, మనిషి కొండ ఎక్కనవసరం లేకుండా బోర్డు తిరిగి కోలుకునేలా చూడడం మీదే ఉండాలి.

మేము ఫ్లాష్‌ను మూడు భాగాలు చేశాము. మొదటి 4 కేబీ బూట్‌లోడర్‌కు, 0x08001000 నుంచి 11 కేబీ అసలు ప్రోగ్రామ్‌కు, చివరి 1 కేబీ పేజీ బోర్డు చిరునామాకు, సెన్సర్ కాలిబ్రేషన్‌కు ఇచ్చాము. బూట్‌లోడర్ మూడు కేబీలలోనే ఇమిడినా 4 కేబీ కేటాయించడానికి కారణం ఉంది. ఈ చిప్‌లో రైట్ ప్రొటెక్షన్ నాలుగేసి పేజీల చొప్పున వర్తిస్తుంది, కాబట్టి ఆప్షన్ బైట్లలో ఒక్క బిట్‌తో బూట్‌లోడర్ మొత్తానికి తాళం పడుతుంది. బూట్‌లోడర్‌ను దూరం నుంచి మార్చే సౌకర్యం పెట్టుకోవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే అది చెడిపోతే దాన్ని బాగు చేసేది ఆ బోర్డులో ఇంకేదీ లేదు.

అప్‌డేట్ అందుకునే బాధ్యత పూర్తిగా బూట్‌లోడర్‌దే కావాలి. మాకంటే ముందు ఆ ఊళ్లలో పనిచేసినవారి బోర్డులలో అసలు ప్రోగ్రామే తీగ మీద కొత్త కోడ్ అందుకుని తనను తాను చెరిపి రాసుకునేది. వానాకాలంలో ఒకసారి మధ్యలో కరెంటు పోయేసరికి తీగ మీద మాట్లాడే కోడ్ కూడా చెరిగిపోయి, వరసగా కొన్ని బోర్డులను విప్పి కిందికి తెచ్చి ప్రోగ్రామర్‌తో రాయవలసి వచ్చింది. అందుకే యూఆర్ట్ డ్రైవర్, ఆర్‌ఎస్-485 దిశ మార్చే పిన్ను, ఫ్లాష్ చెరపడం, రాయడం, సీఆర్‌సీ లెక్క ఇవన్నీ ఆ 4 కేబీలోనే ఉండాలి. అసలు ప్రోగ్రామ్ చేయవలసింది అప్‌డేట్ ఆదేశం రాగానే రీసెట్ అయి బూట్‌లోడర్‌కు దారి ఇవ్వడం మాత్రమే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది పేజీల వరుస. అసలు ప్రోగ్రామ్ మొదటి పేజీలో వెక్టర్ టేబుల్ ఉంటుంది. ఆ పేజీని అన్నిటికంటే ముందు చెరపాలి, అన్నిటికంటే చివర రాయాలి. అలా చేస్తే మధ్యలో ఎక్కడ ఆగిపోయినా మొదటి పదం 0xFFFFFFFF గానే ఉంటుంది, దాన్ని చూడగానే ప్రోగ్రామ్ అసంపూర్తిగా ఉందని బూట్‌లోడర్‌కు తెలిసిపోతుంది. దానితోపాటు 11 కేబీలోని చివరి నాలుగు బైట్లలో సీఆర్‌సీ ఉంచి, బోర్డు లేచిన ప్రతిసారీ మొత్తం సరిచూడాలి. మొదటి పేజీ రాస్తుండగానే కరెంటు పోతే పట్టుకునేది ఈ సీఆర్‌సీయే. చిప్‌లోని సీఆర్‌సీ యూనిట్ మామూలుగా ఇచ్చే విలువ, కంప్యూటర్‌లో zlib ఇచ్చే విలువ ఒకటి కావు. బిట్లను తిప్పి తీసుకునే అమరిక, చివరి ఎక్సార్ రెండూ సరిపెట్టుకుంటే తప్ప కలవవు.

ఒక పేజీ చెరుగుతుండగా కరెంటు పోతే, తర్వాత చదివినప్పుడు అది ఖాళీగానే కనిపించవచ్చు గానీ లోపలి సెల్స్ పూర్తిగా చెరగకపోయి ఉండవచ్చు. అలాంటి పేజీలో రాసినది కొన్నాళ్ల తర్వాత మారిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఖాళీగా కనిపించినా ప్రతి పేజీనీ మళ్లీ చెరిపే రాయాలి. ఎక్కడ ఆగామో గుర్తుంచుకుని అక్కడినుంచి కొనసాగే ఏర్పాటు కూడా మేము పెట్టుకోలేదు, ఎందుకంటే 9600 వేగంతో 11 కేబీ పంపడానికి 12 సెకన్లే పడుతుంది. జవాబుల కోసం ఆగే సమయం కలుపుకున్నా అర నిమిషం దాటదు, మొదటినుంచి పంపడమే మేలు.

ఒక పేజీ చెరగడానికి 20 నుంచి 40 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ సేపు ఫ్లాష్‌లోంచి నడిచే కోడ్ ఆగిపోతుంది. 9600 వేగంలో 40 మిల్లీసెకన్లంటే దాదాపు 38 బైట్లు తీగ మీద వచ్చి పోతాయి. అందుకని ఈఎస్‌పీ32 ఒక పేజీ పంపి, “రాసి, తిరిగి చదివి సరిచూశాను” అన్న జవాబు వచ్చేదాకా మౌనంగా ఉండాలి. ప్రతి కొత్త పేజీలో సరిగ్గా మొదటి కొన్ని బైట్లే తప్పిపోతున్నాయంటే కారణం ఇదేనని అర్థం చేసుకోండి.

కోర్టెక్స్-ఎం0లో వెక్టర్ టేబుల్ చిరునామాను మార్చే రిజిస్టర్ లేదు. అసలు ప్రోగ్రామ్ మొదలవగానే, ఇంటరప్ట్‌లు తెరవకముందే, టేబుల్‌ను ర్యామ్ మొదట్లోకి ఎక్కించాలి. లింకర్ ఫైల్‌లో అక్కడ 192 బైట్లు విడిచిపెట్టడం మరవద్దు.

```c
/* ram_vec: 0x20000000 */
const uint32_t *v = (const uint32_t *)0x08001000u;
for (int i = 0; i < 48; i++) ram_vec[i] = v[i];
RCC->APB2ENR |= RCC_APB2ENR_SYSCFGEN;
SYSCFG->CFGR1 |= SYSCFG_CFGR1_MEM_MODE;
```

ఇది లేకపోతే ప్రోగ్రామ్ బాగానే మొదలై, మొదటి ఇంటరప్ట్ రాగానే బూట్‌లోడర్ కోడ్‌లోకి దూకి స్తంభించిపోతుంది.

కొత్త ప్రోగ్రామ్ సీఆర్‌సీ సరిగ్గా ఉండి కూడా దానిలోనే లోపం ఉంటే, పాతది బోర్డులో లేదు గనుక అది పంప్ హౌస్‌లోనే ఉండాలి. ఈఎస్‌పీ32 బోర్డులో సాధారణంగా 4 ఎంబీ ఫ్లాష్ ఉంటుంది, పాత ఫైల్, కొత్త ఫైల్ రెండూ దానిలో పెట్టి, సంతకం సరిచూసే పని కూడా దానికే అప్పగించండి. బోర్డు వాచ్‌డాగ్ వల్ల రీసెట్ అయితే, RCC_CSR లో ఆ గుర్తు చూసి, బూట్‌లోడర్ అసలు ప్రోగ్రామ్‌లోకి వెంటనే వెళ్లకుండా ఐదు నిమిషాలు తీగ మీద వినాలి. ఈఎస్‌పీ32 ఆ సమయంలో పాత ఫైల్‌ను తిరిగి పంపుతుంది.

రిలే ఉంది కాబట్టి ఇంకొక్క మాట. రీసెట్‌లో ఉన్నప్పుడు పిన్నులు గాలిలో తేలుతుంటాయి. రిలేను నడిపే ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర పిన్నును 10 కే రెసిస్టర్‌తో గ్రౌండ్‌కు కట్టకపోతే, ప్రోగ్రామ్ లేని ఆ కాసేపట్లో పంపు తనంతట తానే తిరగవచ్చు.

ఊళ్లోకి పంపేముందు ఇంకొక రిలేతో బోర్డు సప్లైని అప్‌డేట్ మధ్యలో కోయండి. కోత సమయాన్ని ప్రతిసారీ 50 మిల్లీసెకన్లు జరుపుతూ మొదటినుంచి చివరిదాకా వెళ్లి, ప్రతి కోత తర్వాతా బూట్‌లోడర్ జవాబిస్తుందో లేదో ఈఎస్‌పీ32 చేత నమోదు చేయించండి. ఈ చిప్ ఫ్లాష్‌కు తయారీదారు హామీ ఇచ్చేది 1000 చెరపడాలకే కనుక, ఆ పరీక్షకు విడి బోర్డు వాడండి, దాన్ని ట్యాంకు దగ్గర బిగించవద్దు.