నవలలోంచి సినిమాకి: ‘పథేర్ పాంచాలీ’ పక్కపక్కన పెట్టి చూస్తే

ప్రశ్న: నాకు బాగా నచ్చిన నవల సినిమాగా వచ్చినప్పుడల్లా నిరాశే మిగులుతోంది. కథ ఎందుకు మార్చేస్తారు? అలాంటి సినిమాని పుస్తకంతో పోల్చి చూడాలా, వద్దా?

పోల్చే చూడండి. కాకపోతే ‘ఇది తీసేశారు, అది మార్చేశారు’ అన్న లెక్క దగ్గర ఆగిపోకండి. తీసేసిన ఘట్టం నవలలో ఏ పని చేస్తోంది, ఆ పని సినిమాలో ఇంకో రకంగానైనా జరిగిందా అన్నది చూడండి. నాకు ఈ అలవాటు ‘పథేర్ పాంచాలీ’తో వచ్చింది. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల 1929లో పుస్తకంగా వచ్చింది, సత్యజిత్ రాయ్ సినిమా 1955లో. నేను నవల తెలుగులో చదివి, ఆ ఊరూ ఆ వెదురు పొదలూ ఇంకా కళ్ళ ముందు ఉండగానే సినిమా చూశాను. అందుకే ప్రతి మార్పూ గుచ్చుకుంది.

బెంగాల్ పల్లెలో ఒక పేద కుటుంబం కథ ఇది: హరిహర్, భార్య సర్వజయ, పిల్లలు దుర్గ, అపు, వాళ్ళింట్లో ఉండే ముసలి బంధువు ఇందిర్ ఠాకురుణ్. ముందు ఇందిర్ ఠాకురుణ్ సంగతి. నవలలో ఆమె మొదటి భాగంలోనే చనిపోతుంది. అప్పటికి అపు పసిగుడ్డు. సినిమాలో మాత్రం అపు బడికెళ్ళే వయసు దాకా బతికే ఉంటుంది. నవలకి తొందర లేదు, ఒక తరం కథ ముగించి తీరిగ్గా ఇంకో తరం మొదలుపెట్టగలదు. రెండు గంటల సినిమాలో అలా చేస్తే మొదటి అరగంట వేరే కథ అయిపోతుంది. పైగా చావు జరిగే చోటు కూడా మారింది. నవలలో ఆమె పోయేది ఊళ్ళోని చండీమండపం అనే పూజా మండపంలో, పెద్దవాళ్ళ మధ్య. ఆమెతో ఆ ఊరి పాతకాలమే ముగిసిపోయిందంటాడు రచయిత. సినిమాలో వెదురు తోపులో కూర్చుని ఉన్న ఆమెని పిల్లలు చూస్తారు. నిద్రపోతోందనుకుని దుర్గ ఆటగా కదిపితే, ఆ శరీరం పక్కకి ఒరిగిపోతుంది. ఊరి చరిత్ర అన్న అర్థం పోయింది, పిల్లలు మొదటిసారి చావుని చూడటం అన్న అర్థం వచ్చింది. పోయింది చిన్నదేమీ కాదు. అయినా పిల్లల కళ్ళతో నడిచే సినిమాకి ఇదే సరైన చావు అని నాకనిపిస్తుంది.

రెండోది దుర్గ దొంగతనం. ఆమె పోయాక, తను తీయలేదన్న వస్తువు అపుకి ఇంట్లోనే దొరుకుతుంది. నవలలో అది చిన్న బంగారు బరిణె, వాడు దాన్ని వెదురు పొదల్లోకి విసిరేస్తాడు. సినిమాలో అది పూసల దండ, విసిరేది చెరువులోకి. నీటి మీది నాచు విడిపోయి దండని మింగుతుంది, తర్వాత నెమ్మదిగా మళ్ళీ కలుసుకుంటుంది. అక్క రహస్యం ఇక ఎవరికీ తెలియదని నవల మాటల్లో చెబుతుంది. కెమెరాకి ఆ మాటలు లేవు, అందుకని వెదురు పొద బదులు నాచు పట్టిన చెరువు కావాల్సి వచ్చింది. మార్పులు చాలావరకు ఇలాంటి అవసరంలోంచే పుడతాయి.

హరిహర్ ఇంటికి తిరిగొచ్చే ఘట్టమూ అంతే. దుర్గ లేదన్న మాట నవలలో తల్లి ఏడుస్తూ నోటితో చెబుతుంది. సినిమాలో దుర్గ కోసం తెచ్చిన చీరని భర్త తన చేతికివ్వగానే సర్వజయ కుప్పకూలిపోతుంది. ఆమె ఏడుపు మనకి వినిపించదు, దాని బదులు తార్ షెహనాయి అనే తీగ వాద్యం మోగుతుంది. నవలలో ఒక్క వాక్యం కూడా తెర మీదికి రాలేదు, కానీ ఆ పేజీలో ఉన్న దుఃఖం మొత్తం వచ్చింది.

మన దగ్గర ఎక్కువగా కోపం తెప్పించేవి వేరే రకం మార్పులు. హీరో ఓడిపోకూడదని ముగింపు మార్చడం, పాట పెట్టడానికి చోటు కావాలని ఒక పాత్రని కల్పించడం లాంటివి. వీటిని గుర్తుపట్టడం కష్టం కాదు. ఆ మార్పు తీసేసి చూడండి. కథలో ఏదీ కూలకపోతే అది కథ కోసం చేసింది కాదు. ముసలమ్మని ముందే చంపేస్తే మాత్రం రాయ్ సినిమా సగం కూలిపోతుంది.

అలాగని మంచి దర్శకుడు చేసిన ప్రతి మార్పునీ ఒప్పుకోనక్కర్లేదు. నవలలో దుర్గ రైలు చూడకుండానే చనిపోతుంది. జ్వరంలో పడుకుని, తగ్గాక ఒకసారి రైలు చూపిస్తావా అని తమ్ముణ్ణి అడుగుతుంది. సినిమాలో అక్కాతమ్ముళ్ళిద్దరూ రెల్లు పూల మధ్య పరుగెత్తుతూ వెళ్తారు, నల్లటి పొగ వదులుతూ రైలు వస్తుంది. అంత అందమైన దృశ్యాన్ని వదులుకోమని ఏ దర్శకుడికీ చెప్పలేను. కానీ దుర్గ అడిగిన ఆ ఒక్క కోరిక తీరకపోవడంలో ఉన్న బాధకి సినిమాలో మరో రూపం నాకు దొరకలేదు. ఇక్కడ మాత్రం నేను నవల వైపే.

మీకు నచ్చిన నవలతో మొదలుపెట్టాలనుకుంటే మొత్తం పుస్తకం మళ్ళీ చదవక్కర్లేదు. సినిమా చూశాక, ఎక్కడ మార్చారని మీకు ఎక్కువ కోపం వచ్చిందో ఆ ఒక్క అధ్యాయం తీసి చదవండి.