‘స్వేచ్ఛాశక్తి మార్పు ధనాత్మకమైతే చర్య జరగదు’ అనవచ్చా?

సందేహం: డిగ్రీ పిల్లల కోసం తెలుగులో రాసుకున్న జీవరసాయన నోట్సులో ‘స్వేచ్ఛాశక్తి మార్పు ధనాత్మకమైతే ఆ చర్య జరగదు’ అని పెట్టాను. క్రెబ్స్ వలయంలో మేలేట్ ఆక్సలోఎసిటేట్‌గా మారే మెట్టుకు పట్టికలో +29.7 కిలోజౌళ్లు అని ఉంది కదా, మరి అది కణంలో ఎలా జరుగుతోందని ఒక అబ్బాయి అడిగాడు. ‘జరగదు’ తీసేసి ‘కష్టంగా జరుగుతుంది’ అని రాస్తే సరిపోతుందా?
— ఒక అధ్యాపకురాలు, కర్నూలు

సమాధానం: సరిపోదు. పైగా ఇంకో తప్పు వచ్చి చేరుతుంది. ‘కష్టంగా’ అనగానే చదివేవారికి ‘నెమ్మదిగా’ అని తడుతుంది. చర్య వేగం ఎంజైమ్ చూసుకునే సంగతి. స్వేచ్ఛాశక్తి చెప్పేది, చర్య ఇప్పుడు ఎటు నడుస్తుంది, ఎక్కడికి వెళ్లి ఆగుతుంది అన్నంతవరకే.

అసలు చిక్కు క్రియాపదంలో లేదు. మీ వాక్యం ఒక విలువ గురించి మాట్లాడుతోంది, పట్టికలోని అంకె ఇంకో విలువ. పట్టికలో ఉన్నది ప్రమాణ స్వేచ్ఛాశక్తి మార్పు, ΔG°′. క్రియాజనకాలు, క్రియాజన్యాలు అన్నీ 1 మోలార్ గాఢతలో, పీహెచ్ 7 దగ్గర, 25 డిగ్రీల సెల్సియస్‌లో ఉన్నాయనుకుని ఇచ్చిన అంకె అది. ఏ కణంలోనూ మేలేట్ 1 మోలార్ ఉండదు. చర్య దిశను తేల్చేది ఆ క్షణాన ఉన్న గాఢతలతో వచ్చే ΔG. ‘ప్రమాణ’ అనే విశేషణాన్ని అలంకారంలా చూసి వదిలేయడం మన పాఠ్యపుస్తకాల్లో తరచుగా కనిపించే అలవాటు. ఇక్కడ ఆ మాట పోతే అర్థమే పోతుంది. ఆ చిన్న గీత (′) కూడా అంతే. హైడ్రోజన్ అయాన్ గాఢతను పీహెచ్ 7 దగ్గర బిగించామని చెప్పేది అదే.

ΔG°′ నిజానికి సమతాస్థితి స్థిరాంకానికి ఇంకో వేషం. రెండింటినీ కలిపే సూత్రం ఇది:

ΔG°′ = −RT ln K′

25 డిగ్రీల దగ్గర RT విలువ 2.48 కిలోజౌళ్లు. సహజ సంవర్గమానం నుంచి పది ఆధారానికి మారిస్తే, ప్రతి 5.7 కిలోజౌళ్లకూ K′ పది రెట్లు మారుతుందని తేలుతుంది. 29.7ను 5.7తో భాగిస్తే సుమారు 5.2. గుర్తు ధనాత్మకం కాబట్టి K′ ఒకటి కంటే చిన్నది, సుమారు 6.2 × 10⁻⁶. చిన్నదే గానీ సున్నా కాదు. ‘జరగదు’ అంటే సున్నా అని చెప్పినట్టే.

ఇది పరీక్షనాళికలో ఎలా కనిపిస్తుందో చూడండి. పీహెచ్ 7 దగ్గర 1 మిల్లీమోలార్ మేలేట్, 1 మిల్లీమోలార్ NAD⁺ కలిపి మేలేట్ డీహైడ్రోజినేజ్ వేద్దాం. పుట్టే NADH 340 నానోమీటర్ల కాంతిని శోషిస్తుంది కాబట్టి దాన్ని కొలవవచ్చు. చర్య ముందుకే నడుస్తుంది, కానీ సుమారు 2.5 మైక్రోమోలార్ NADH పుట్టేసరికి సమతాస్థితి వచ్చేస్తుంది. అంటే మేలేట్‌లో నాలుగు వందల వంతు. ఒక సెంటీమీటరు క్యూవెట్‌లో శోషణ 0.015 దాకా పెరిగి ఆగుతుంది. అది పరికరం చేసే సొద కావచ్చనుకుని ‘ఎంజైమ్ పాడైంది’ అని పొరపడడం తేలిక. ఇంకో పాలు ఎంజైమ్ వేసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఆ అంకెకు త్వరగా చేరుతుంది గానీ దాన్ని దాటదు, ఎందుకంటే ఎంజైమ్ K′ను మార్చదు.

అదే పనిని పీహెచ్ 10 దగ్గర చేస్తే? ఈ చర్యలో ఒక హైడ్రోజన్ అయాన్ కూడా విడుదలవుతుంది. దాని గాఢత వెయ్యి రెట్లు తగ్గింది కాబట్టి K′ వెయ్యి రెట్లు పెరుగుతుంది. ఇప్పుడు NADH సుమారు 73 మైక్రోమోలార్ దాకా వస్తుంది, శోషణ 0.45 చేరుతుంది. దీనికి తోడు గ్లుటమేట్‌ను ఎక్కువగా పోసి ట్రాన్సామినేజ్ ఎంజైమ్ వేస్తే, పుట్టిన ఆక్సలోఎసిటేట్ పుట్టినట్టే ఆస్పార్టేట్‌గా మారిపోతుంది, మేలేట్ దాదాపు మొత్తం ఖర్చవుతుంది. వైన్‌లో మేలిక్ ఆమ్లాన్ని ఎంజైమ్ పద్ధతిలో కొలిచే ప్రయోగశాలలు వాడే ఉపాయం ఇదే.

కణం చేసేదీ ఇంచుమించు ఇదే. ఆ క్షణపు లెక్కకు సూత్రం:

ΔG = ΔG°′ + RT ln Q

Q అంటే చర్యాభాగఫలం. K′ రాసినట్టే రాయాలి, కానీ సమతాస్థితి గాఢతలకు బదులు ఇప్పుడున్న గాఢతలు వేయాలి. ఉదాహరణకు మేలేట్ 0.5 మిల్లీమోలార్ ఉందనుకుందాం, NAD⁺ NADH కంటే ఎనిమిది రెట్లు ఉందనుకుందాం. ఆక్సలోఎసిటేట్ 10 నానోమోలార్ అయితే Q 2.5 × 10⁻⁶. దాని సంవర్గమాన పదం −32.0 కిలోజౌళ్లు, 29.7తో కలిపితే ΔG −2.3. చర్య ముందుకు నడుస్తుంది. ఆక్సలోఎసిటేట్ 100 నానోమోలార్‌కు పెరిగిందంటే ΔG +3.4 అవుతుంది, అదే చర్య అదే ఎంజైమ్ మీద వెనక్కి నడుస్తుంది. మధ్యలో, 25 నానోమోలార్ దగ్గర ΔG సున్నా. అక్కడ సున్నా అయ్యేది ΔG మాత్రమే, ΔG°′ అప్పుడూ +29.7గానే ఉంటుంది. ‘సమతాస్థితిలో ప్రమాణ స్వేచ్ఛాశక్తి మార్పు సున్నా’ అని మీ నోట్సులో ఎక్కడైనా ఉంటే అదీ దిద్దండి.

కాబట్టి మీ వాక్యాన్ని ఇలా విడగొట్టమంటాను: ‘ప్రమాణ స్వేచ్ఛాశక్తి మార్పు ధనాత్మకమైతే, సమతాస్థితి స్థిరాంకం ఒకటి కంటే తక్కువ. ఉన్న గాఢతల దగ్గర స్వేచ్ఛాశక్తి మార్పు ధనాత్మకమైతే, చర్య నికరంగా వెనక్కి నడుస్తుంది.’ రెండో వాక్యంలో ‘నికరంగా’ తప్పక ఉండాలి, ఎందుకంటే అణువులు రెండు వైపులా మారుతూనే ఉంటాయి. ‘జరగదు’ అనే మాటను రెండిట్లోనూ వాడలేదు, గమనించండి.

ఇంకొక్క మాట. ఆక్సలోఎసిటేట్‌ను అంత తక్కువగా ఉంచేది తర్వాతి మెట్టు, సిట్రేట్ సింథేజ్. దాని ΔG°′ −32.2. రెండూ కలిపితే −2.5, అంటే రెండు మెట్ల ఉమ్మడి స్థిరాంకం సుమారు 2.7. దీన్ని చూసి చాలామంది ‘సిట్రేట్ మెట్టు మేలేట్ మెట్టుకు శక్తినిస్తుంది’ అని రాస్తారు. ఇచ్చిపుచ్చుకోవడం ఏమీ లేదక్కడ. సిట్రేట్ సింథేజ్ ఆక్సలోఎసిటేట్‌ను తీసేస్తుంది, దాంతో మేలేట్ మెట్టు Q తన K′ కంటే కిందే ఉంటుంది. ‘లాగుతుంది’ అనండి, అతుకుతుంది. గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలించే చోట మాత్రం పద్ధతి వేరు. అక్కడ +13.8, ఏటీపీ తాలూకు −30.5 కలిసి −16.7 అవడానికి కారణం, హెక్సోకైనేజ్ ఏటీపీ ఫాస్ఫేట్‌ను నేరుగా గ్లూకోజ్ మీదికే మార్చడం. ఏటీపీ పక్కన విడిగా నీటితో విరిగితే వేడి పుడుతుంది తప్ప గ్లూకోజ్‌కు ఒరిగేదేమీ ఉండదు.