అడుగు, పరీక్ష పెట్టకు

చిట్టితల్లీ,

మాఘమాసంలో పెళ్ళి చేసుకుందాం అనుకుంటున్నారని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. వెంటనే లేచి దేవుడి దగ్గర దీపం పెట్టాను. అంత దెబ్బ తిన్నాక మళ్ళీ ఒక మనిషిని దగ్గరికి రానిచ్చావు, అదే నాకు గొప్ప. కానీ ఆ తర్వాత చెప్పిన మాటకి రాత్రంతా నిద్ర లేదు. స్నేహితురాలి చేత కొత్త నంబరు నుంచి అతనికి మెసేజీలు పెట్టించావటగా! "మీరెవరో తెలీదండీ" అని ఊరుకున్నాడట. నీ మనసు కుదుటపడింది మూడు రోజులేనట. నాలుగో రోజు అతను స్నానానికి వెళ్తే ఫోన్ తీసి చూశావట. తప్పు కదమ్మా.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను. అతనిదీ రెండో పెళ్ళే కాబట్టి విడాకుల డిక్రీ నకలు అడుగు. అప్పీలుకి 90 రోజుల గడువుంటుంది, అది దాటిందో లేదో లాయరు చేత చూపించుకో. అప్పులూ ఈఎమ్ఐలూ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోండి. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకు. ఖాళీ కాగితం మీద అసలే వద్దు. నా మొదటి భర్త నా చేత అలా సంతకం పెట్టించుకునే మా అమ్మ ఇచ్చిన హారాన్ని తాకట్టులో కలిపేశాడు. అందుకే ఈ మాట నీకు వందసార్లు చెబుతాను.

ఇవన్నీ ముఖాన అడిగేవి. చాటుగా చేసేది వేరు. అది నేనూ చేశాను.

మీ పెదనాన్నతో పెళ్ళైన రెండో ఏడు, 1991. బీరువాలో పట్టుచీర మడతల్లో పది వంద నోట్లు పెట్టి, పై నోటు మూల కొంచెం మడిచాను. తాళం కావాలనే బీరువాకే వదిలేశాను. రోజూ ఆయన బయటికెళ్ళగానే లెక్క. మూడు వారాలు పది ఉన్నాయి. ఉన్నాయని సంతోషించానా? లేదు, "ఇంకా కనిపెట్టలేదు కాబోలు" అనుకున్నాను. ఒకరోజు ఎనిమిదే ఉన్నాయి. నా చేతులు చల్లబడిపోయాయి. హారం పోయిన రోజు ఎలా చల్లబడ్డాయో అచ్చం అలాగే. పదకొండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కంచం పెట్టి లోపలికెళ్ళిపోయేదాన్ని. "ఒంట్లో బాలేదా?" అని అడిగితే "బానే ఉంది" అన్నాను. అన్నయ్యకి ఉత్తరం కూడా రాశాను, వచ్చి తీసుకుపొమ్మని.

పన్నెండో రోజు పాలవాడు చెప్పాడు, "బాకీ అయ్యగారు మొన్నే ఇచ్చేశారమ్మా" అని. వంటింట్లో గోడ క్యాలెండర్ చూశాను. నోట్లు తగ్గిన రోజు గడిలో పెన్సిల్‌తో "పాలు 200, బీరువాలోవి" అని ఆయన చేతిరాత ఉంది. రోజూ ఆ క్యాలెండర్ కిందే కూరలు తరిగాను. చూడలేదు. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన కేకలెయ్యలేదు. "అడిగితే చెప్పేవాణ్ణి కదా" అన్నారు.

అందుకే చెబుతున్నా. పరీక్షలో అతను నెగ్గితే భయం ఇంకో పరీక్ష అడుగుతుంది. తప్పినట్టు కనిపిస్తే, నువ్వు చూసేది అతన్ని కాదు, పాత మనిషిని.

మొన్న అతను ఏడింటికి వస్తానని తొమ్మిదింటికి వచ్చాడట, ఫోన్ స్విచాఫట. నోట్‌బుక్కులో ఒక పేజీ మధ్యలో గీత గియ్యి. ఎడమవైపు కళ్ళతో చూసింది మాత్రమే రాయి: రెండు గంటలు ఆలస్యం, ఫోన్ పలకలేదు, రాగానే ఛార్జింగ్ అయిపోయిందన్నాడు, ఎనిమిది నెలల్లో ఇదే మొదటిసారి. కుడివైపు నీకు గుర్తొచ్చింది రాయి: పాత ఇంట్లో ఆ స్విచాఫ్ సాయంత్రాలు. కుడివైపు నిండి ఎడమవైపు నాలుగు ముక్కలే ఉంటే, ఆ రాత్రి అతనికి చెప్పాల్సింది "ఎక్కడికెళ్ళావ్?" అని కాదు, "ఫోన్ పలక్కపోతే నాకు పాతవన్నీ గుర్తొచ్చి భయమేస్తుంది" అని.

ఎడమవైపే నిండుతుంటే మాత్రం భయమే అని కొట్టిపారెయ్యకు. ఒకే సాకు మూడోసారి వస్తే, అప్పుల మాటెత్తగానే కోపం వస్తే, "ఈ విషయం మీ అమ్మకి చెప్పకు" అంటే, అవి ఇప్పటి సంగతులే. ఆ రోజు ఎంత రాత్రైనా నాకు ఫోన్ చెయ్యి, మొహమాటపడకు.

ఇంకొక్కటి రాసి ఆపుతాను. ఆ పాల లెక్క తర్వాత మీ పెదనాన్న నేను అడక్కపోయినా ప్రతి రూపాయికీ లెక్క చెప్పడం మొదలెట్టారు. వద్దన్నాను, బతిమాలాను. ఇవాళ పొద్దున కూడా రైతుబజారు నుంచి వచ్చి, వంకాయలు ఎంతో, కొత్తిమీర ఎంతో చీటీ రాసి ఉప్పు జాడీ కింద పెట్టారు.

ఆదివారం అతన్ని తీసుకుని భోజనానికి రా. గుత్తివంకాయ చేస్తాను.

మీ పెద్దమ్మ