'గాష్' అంటే దేవుడా?

సందేహం: మాస్టారూ, పిల్లల ఇంగ్లీషు కథలు కొన్ని తెలుగు చేస్తున్నాను. 'గాష్' వచ్చిన చోటల్లా 'దేవుడా' అని రాశాను. 'డార్న్'కు నిఘంటువులో రఫూ చేయడం అని ఉంది, అది అతకడం లేదు. ఇవి తిట్లకు ముసుగులని ఒక మిత్రుడు అన్నాడు. తిట్టదలచుకున్నవాడికి ముసుగెందుకు? తెలుగులో ఏం రాయమంటారు?

సమాధానం: మీ మిత్రుడి మాట నిజం. రఫూ చేసే డార్న్ వేరు, ఇది వేరు. ఇది 'డ్యామ్' అనే శాపానికి మారురూపం. 18వ శతాబ్దం చివర అమెరికాలో కనిపిస్తుంది. డ్యామ్ అంటే దేవుడు నరకానికి పంపుగాక అని. అలాగే 'గాడ్' అనబోయి 'గాష్', 'హెల్' అనబోయి 'హెక్'. మూడింటిలోనూ మొదటి ధ్వని చెక్కుచెదరలేదు, తోకే మారింది. వినేవాడు మాటను మొదటి ధ్వనితోనే పోల్చుకుంటాడు కాబట్టి కోపం చేరవలసిన చోటికి చేరుతుంది. తప్పు మాట మాత్రం నోటి నుంచి రాలేదు. ఎవరైనా నిలదీస్తే 'నేనలా అనలేదే' అనవచ్చు.

ఆ భయం ఎందుకంటే, దేవుడి పేరు వ్యర్థంగా ఉచ్చరించకూడదన్నది బైబిలు పది ఆజ్ఞల్లో ఒకటి. ఇంగ్లండులో అది చట్టం దాకా వెళ్లింది. 1606లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం నాటకంలో దేవుడి పేరును, క్రీస్తు పేరును పరిహాసంగా పలికితే తప్పుకు పది పౌండ్ల జరిమానా. అందులో సగం రాజుకు, సగం దావా వేసినవాడికి. అంటే ప్రేక్షకుల్లో చెవి రిక్కించి కూర్చున్నవాడికి ఆదాయమార్గం.

దాని ఫలితం షేక్‌స్పియర్ 'ఒథెల్లో'లో చూడవచ్చు. 1622 ముద్రణలో ఇయాగో మొదట్లోనే "'స్‌బ్లడ్" అంటాడు. 'గాడ్స్ బ్లడ్', దేవుడి రక్తం మీద ఒట్టు, అనే మాటలో దేవుణ్ణి మింగేసి చివరి సకారాన్ని మాత్రం మిగిల్చిన రూపమది. 'జూండ్స్' కూడా అంతే, దేవుడి గాయాల మీద ఒట్టు. 1623 ముద్రణలో ఈ రెండూ మాయం. ఇక్కడ నన్ను ఆకర్షించేది చట్టం కాదు. అవి అప్పటికే ముసుగు వేసుకున్న మాటలు, అయినా తీసేశారు. అందరూ గుర్తుపట్టేసిన ముసుగు ఎవరినీ దాచదు. అప్పుడు కొత్తది కావలసి వస్తుంది. ఇంకొన్నాళ్లకు మూలం మరుగున పడితే భయమూ పోతుంది: తర్వాతి కాలంలో 'జూండ్స్'ను కొందరు 'జౌండ్స్' అని పలికారు, అందులో గాయమనే మాట ఉందన్న స్పృహే లేకుండా. గాష్ ఈ రెండు దశల మధ్య ఉంది. చాలామందికి అది వట్టి ఆశ్చర్యార్థకం, నిష్ఠగల కొన్ని క్రైస్తవ కుటుంబాల్లో మాత్రం ఇప్పటికీ పిల్లల్ని అననివ్వరు.

ఇప్పుడు మీ 'దేవుడా' సంగతి. గాష్ దాచిపెట్టినదాన్నే మీరు బయటపెట్టారు. పైగా తెలుగులో ఆ మాటకు నిషేధమే లేదు. శివశివా, రామరామా అని విసుక్కున్నా మనకు పాపం అంటదు. కొడుకును పిలవబోయి 'నారాయణా' అన్న అజామిళుడికి యమభటుల బెడద తప్పిందని భాగవతం చెబుతుంది. ఇలాంటి చోట దేవుడి పేరుకు ముసుగు పుట్టదు.

మన తిట్ల పదును అమ్మానాన్నల మీద, వంశం మీద, ఇంటి మీద ఉంటుంది. ముసుగులూ అక్కడే పుట్టాయి. 'ఓర్నీ', 'వార్నీ' చూడండి. 'ఓరి నీ' అన్నాక ఒక నామవాచకం రావాలి, 'నీ' అనే షష్ఠి దాన్ని అడుగుతూనే ఉంటుంది. అది రాదు. ఇంగ్లీషువాడు తోక మారిస్తే మనం తోక కోసేశాం. ఇప్పుడు 'ఓర్నీ, ఎంత ఎదిగిపోయావురా!' అని ముద్దుగానే అంటున్నాం. తోక మార్చిన ఉదాహరణా ఒకటుంది. 'నీ ఇల్లు కూల' అనవలసిన చోట 'నీ ఇల్లు బంగారంగాను' అంటాం. మొదలు తిట్టుదే, ముగింపు దీవెన. స్వరం మాత్రం ఏమీ దాచదు.

ఓర్నీలో 'ఓరి' ఉంది కనుక అది సమవయస్కుల మధ్య, లేదా పెద్దలు చిన్నవాళ్లతో అనే మాట. కథలో కుర్రాడు స్నేహితుడితో గాష్ అంటే 'ఓర్నీ' రాయండి. టీచరు ఎదుట అంటే 'అమ్మో' చాలు. డార్న్ ఒంటరిగా వస్తే 'ఛ' అనండి. నామవాచకం ముందు వస్తే తెలుగులో 'పాడు' సిద్ధంగా ఉంది: 'ఈ పాడు తాళం రావడం లేదు'. కోపం మరీ ఎక్కువైతే 'దిక్కుమాలిన తాళం'.