టెక్ సందేహాలు: పేపర్ కటింగ్‌లోని తాతయ్య ఫొటోకి గళ్లు పోయేదెలా?

*మా తాతయ్యగారి ఫొటో ఇంట్లో ఒక్కటి కూడా లేదు. 1986లో పేపర్లో పడిన చిన్న బ్లాక్ అండ్ వైట్ ఫొటో కటింగ్ మాత్రం అమ్మ దాచింది. వెడల్పు రెండంగుళాలు ఉంటుంది. జెరాక్స్ షాపులో 150 డీపీఐలో స్కాన్ చేయించి పెద్దది చేస్తే మొహమంతా గళ్లు గళ్లుగా వస్తోంది. వచ్చే నెల సంవత్సరీకానికి 8×10 ఫ్రేమ్ కట్టించాలి. ఆ గళ్లు తీసేయడం ఎలాగండీ? – ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు*

ముందు అసలు మాట చెప్పేస్తానండీ. మీ దగ్గరున్న 150 డీపీఐ ఫైలు మీద ఎంత కష్టపడినా ఫలితం ఉండదు. ఆ ఫైలు పక్కన పెట్టి, అమ్మగారిని అడిగి కటింగ్ మళ్లీ బయటికి తీయించండి. కాగితం ఉంది కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు.

ఎందుకో చెబుతాను. పేపరు అచ్చులో బూడిద రంగు సిరా అంటూ ఉండదు, ఉన్నది నలుపొక్కటే. నలుపు చుక్కలు చిన్నవిగా వేస్తే లేత బూడిదగా, పెద్దవిగా వేస్తే ముదురుగా మన కంటికి కనిపిస్తుంది. న్యూస్‌పేపర్ ఫొటోల్లో ఈ చుక్కలు మామూలుగా అంగుళానికి 85 వరుసలు ఉంటాయి. ఆ వరుసలను నిలువుగానో అడ్డంగానో కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా పెడతారు, ఏటవాలు గీతలను కన్ను అంత తొందరగా పట్టుకోదు కాబట్టి.

స్కానర్ కూడా కాగితాన్ని గళ్లుగానే చదువుతుంది. దోమతెరను రెండు పొరలుగా మడిచి దీపానికి అడ్డం పెట్టి చూడండి. ఏ పొరలోనూ లేని పెద్ద పెద్ద అలలు కనిపిస్తాయి. మీ స్కాన్‌లో జరిగింది అదే. 85 వరుసల అచ్చు 45 డిగ్రీలు వంగి ఉన్నప్పుడు, అడ్డంగా కొలిస్తే చుక్కల నిలువు వరుసలు అంగుళానికి 120 వస్తాయి. స్కానర్ అంగుళానికి 150 సార్లే చూసింది. రెంటికీ తేడా 30. అంటే అంగుళానికి 30 దొంగ గళ్లు, రెండంగుళాల ఫొటోలో ఇటునుంచి అటు 60 గళ్లు. దీన్నే మొయిరే అంటారు. ఒక్క గడి అయిదు పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. కంటి రెప్ప, మీసం అంచు లాంటివి కూడా ఆ ఫైల్లో దాదాపు అంత కొలతలోనే ఉన్నాయి. అందుకే ఆ ఫైల్లో గళ్లను చెరిపే ఏ ఫిల్టరైనా మీసాన్నీ చెరిపేస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది చుక్కలను దాచడం కాదు, విడివిడిగా స్పష్టంగా పట్టుకోవడం. 600 డీపీఐ, గ్రేస్కేల్ అని అడిగి స్కాన్ చేయించండి. బ్లాక్ అండ్ వైట్ అనే మోడ్ వద్దు, అది ప్రతి పిక్సెల్‌నీ పూర్తి నలుపో పూర్తి తెలుపో చేసేస్తుంది. ఫైలు TIFF గానీ PNG గానీ ఉండాలి. JPEG తన కుదింపులో చుక్కల అంచులను పాడు చేస్తుంది. పెన్ డ్రైవ్‌లోనే తెచ్చుకోండి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. ఇంకో సంగతి, కటింగ్ వెనకవైపు అచ్చు పలచటి కాగితంలోంచి ముందుకి కనిపిస్తుంది. స్కానర్ మూత వేసే ముందు కటింగ్ మీద ఒక నల్ల చార్టు ముక్క కప్పితే అది చాలావరకు పోతుంది. లామినేషన్ మాత్రం చేయించకండి. మా నాన్నగారి ఫొటో ఉన్న పాత సావనీర్ పేజీని ఒక షాపువాళ్లు నన్ను అడక్కుండానే లామినేట్ చేసి ఇచ్చారు. ఆ ప్లాస్టిక్ కింద పడ్డ బుడగలు ఈ రోజుకీ ప్రతి స్కాన్‌లోనూ వస్తున్నాయి.

కొన్ని స్కానర్ల సాఫ్ట్‌వేర్‌లో `Descreening` అని ఒక ఆప్షన్ ఉంటుంది. అది కూడా చుక్కలను కరిగించే పనే చేస్తుంది, కానీ ఎంత కరిగించాలో మన చేతిలో ఉండదు. ఒక్కటే ఫొటో ఉన్నప్పుడు అది ఆపించి, ఆ పని మనమే చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

600 డీపీఐలో మీ ఫొటో సుమారు 1200 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది. ఉచితంగా దొరికే గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి 800 శాతానికి జూమ్ చేయండి. తాతయ్యగారి చెంప దగ్గర చుక్కలు ముగ్గు చుక్కల్లా వరుసగా కనిపించాలి. ఏటవాలు వరుస ఒకటి పట్టుకుని మెజర్ టూల్‌తో ఒక చుక్క మధ్య నుంచి పదకొండో చుక్క మధ్య వరకు కొలవండి. 70 పిక్సెళ్లు వస్తే చుక్కకీ చుక్కకీ దూరం 7 అన్నమాట, అంటే 85 వరుసల అచ్చే. 60 వస్తే 100 వరుసలు. 45 వస్తే అది మ్యాగజైన్ తరహా 133. ఈ ఒక్క అంకె దొరికితే మిగతా పనంతా దాని మీదే నడుస్తుంది.

తేలిక దారి ఇది. `Filters > Blur > Gaussian Blur`లో Size X, Size Y రెంటిలోనూ చుక్కల దూరంలో సగానికి కాస్త తక్కువ, అంటే 3 పెట్టండి. చుక్కల ఎగుడుదిగుడులో నూటికి మూడు వంతులే మిగులుతుంది, కంటికి ఆనదు. ఆ తర్వాతే `Image > Scale Image`లో వెడల్పు 600 పిక్సెళ్లకి తగ్గించండి. ఈ వరుస తిరగబడకూడదు. చుక్కలు కరగకముందే సైజు తగ్గిస్తే షాపులో జరిగిన పనే మీ కంప్యూటర్లో మళ్లీ జరుగుతుంది, కొత్త గళ్లు పుడతాయి. చివర్లో `Sharpen (Unsharp Mask)` కొద్దిగా వేసుకోవచ్చు. అది వేయగానే చుక్కలు మళ్లీ తేలితే బ్లర్ చాలలేదని అర్థం, వెనక్కి వెళ్లి 3.5 పెట్టి చూడండి.

ఈ దారిలో నష్టం ఏమిటంటే చుక్కలతో పాటు కళ్లజోడు ఫ్రేమ్, తలపాగా అంచు కూడా మెత్తబడతాయి. ఒక గంట ఓపిక ఉందంటే ఇంకా మంచి దారి ఉంది. చుక్కలన్నీ ఒకే తాళంలో వస్తాయి కాబట్టి, మొహాన్ని పెద్దగా కదపకుండా ఆ తాళాన్ని మాత్రం ఏరి పారేయొచ్చు. దీనికి ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. శాస్త్రవేత్తలు మైక్రోస్కోప్ ఫొటోలు చూసుకోవడానికి వాడేది, మన పనికి చక్కగా సరిపోతుంది.

బ్లర్ వేయని 600 డీపీఐ ఫైలునే తీసుకోండి. చుట్టూ ఉన్న అక్షరాలు, బోర్డర్ గీత కత్తిరించేసి ఫొటో మాత్రం ఉంచి ఇమేజ్‌జెలో తెరవండి. `Image > Type > 8-bit`, తర్వాత `Process > FFT > FFT` నొక్కితే చీకటి ఆకాశంలో నక్షత్రాల్లాంటి బొమ్మ ఒకటి వస్తుంది. నడిమధ్య వెలుగుతున్న మబ్బే తాతయ్యగారి మొహం. దానికి నాలుగు మూలల దిక్కుల్లో, ఏటవాలుగా, నాలుగు చుక్కలు తెల్లగా మెరుస్తుంటాయి. అవే అచ్చు చుక్కల తాళం. మీ సైజు ఫొటోకి ఈ బొమ్మ 2048 పిక్సెళ్ల చదరంగా వస్తుంది కాబట్టి, ఆ మెరుపులు మధ్య నుంచి సుమారు 205 పిక్సెళ్లు పక్కకి, అంతే పైకీ కిందకీ ఉంటాయి. కటింగ్ స్కానర్ మీద కాస్త వంకరగా పెట్టి ఉంటే ఆ నాలుగూ కలిసి అంతే వంకర తిరుగుతాయి, కంగారు పడకండి.

ఓవల్ టూల్‌తో ఒక్కో మెరుపు చుట్టూ 80 పిక్సెళ్ల వెడల్పున సున్నా చుట్టి, ఫోర్‌గ్రౌండ్ రంగు నలుపుగా ఉంచి `Edit > Fill` నొక్కితే అది నల్లబడుతుంది. నాలుగూ అలాగే చేయండి. ఇంకొంచెం దూరంగా నిట్టనిలువుగా, అడ్డంగా మరో నాలుగు కనిపిస్తే వాటినీ పూడ్చండి. మధ్యలో ఉన్న మబ్బుని మాత్రం ముట్టుకోవద్దు. ఇప్పుడు `Process > FFT > Inverse FFT`. చుక్కలు చాలావరకు మాయమై, కళ్లజోడు అంచు నిలబడి ఉన్న మొహం వస్తుంది. మిగిలిన కాస్త నలుసుకి గింప్‌లో 1.5 బ్లర్ వేసి, 600 పిక్సెళ్లకి తగ్గిస్తే సరి.

ఎక్కువ పూడ్చారో లేదో కళ్లజోడు చూసి పట్టుకోవచ్చు. ఫ్రేమ్ పక్కనే దానికి సమాంతరంగా చెరువులో రాయి పడ్డప్పటి అలల్లాంటి గీతలు కనిపిస్తే మీరు చుట్టిన సున్నా మరీ పెద్దది. 50కి తగ్గించి మళ్లీ చేయండి. చెంపల మీద ఇంకా గళ్లుంటే ఎక్కడో ఒక మెరుపు మిగిలిపోయిందని అర్థం. ఒక జాగ్రత్త ఏమిటంటే, ఇవన్నీ జూమ్ 100 శాతంలో పెట్టే చూడాలి. 33 శాతంలో చూస్తే మీ మానిటరే కొత్త గళ్లు పుట్టిస్తుంది, ఫైల్లో అవి ఉండవు. జూమ్ మార్చిన కొద్దీ గళ్ల సైజు మారి, 100లో మాయమైతే అది స్క్రీన్ చేసే మాయ మాత్రమే.

ఇక 8×10 సంగతి. రెండంగుళాల వెడల్పులో 85 చొప్పున ఆ ఫొటోలో ఉన్నది సుమారు 170 చుక్కలు. మొహం అర అంగుళం పైన ఉందనుకుంటే ఇటునుంచి అటు యాభై చుక్కలు, ఒక్కో కన్ను పది చుక్కలు. కంటిపాపలో మెరుపు లాంటివి ఆ అచ్చులోనే లేవు, ఎంత మంచి స్కానరైనా తెచ్చి పెట్టలేదు. దాన్ని 8 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 21 చుక్కల వివరమే మిగులుతుంది. హాల్లో అవతలి గోడ మీద పది అడుగుల దూరం నుంచి బాగానే ఉంటుంది, దండ వేయడానికి దగ్గరికి వెళ్తే మసకగా ఉంటుంది.

నేనైతే 8×10 ఫ్రేమే తీసుకుని, చుట్టూ లేత రంగు మౌంట్ కట్టించి, ఫొటో మాత్రం 5 అంగుళాల వెడల్పున పెట్టిస్తాను. ప్రింటుకి మెరిసే గ్లాసీ కాగితం వద్దు, మ్యాట్ అడగండి, ఆ మెత్తదనం కాగితంలో కలిసిపోతుంది. స్టూడియోవాళ్లకి ఫైలు ఇచ్చేటప్పుడు షార్ప్ చేయవద్దని కూడా చెప్పండి. పని పూర్తయ్యాక 600 డీపీఐ అసలు స్కాన్‌ని చెరపకుండా రెండు చోట్ల దాచండి, కటింగ్‌ని మళ్లీ అమ్మగారి పెట్టెలోనే మడత పడకుండా పెట్టించండి.